ఒకే 26 పాయింట్లు, రెండు విలువలు

1990 నవంబరు 2న డెన్వర్‌లో ఎన్‌బీఏ సీజన్ తొలిరోజు ఆట. గోల్డెన్ స్టేట్ వారియర్స్ 162, డెన్వర్ నగెట్స్ 158. అదనపు సమయం ఒక్క నిమిషం కూడా లేదు. మామూలు 48 నిమిషాల్లోనే రెండు జట్లూ కలిసి 320 పాయింట్లు కొట్టాయి. వారం తిరగ్గానే ఫీనిక్స్ సన్స్ ఇదే డెన్వర్ మీద మొదటి సగంలోనే 107 పాయింట్లు సాధించింది. మామూలు జట్టు ఆట మొత్తం ఆడితే వచ్చే స్కోరు అది.

దీనికంతటికీ కారకుడు కొత్త కోచ్ పాల్ వెస్ట్‌హెడ్. అంతకుముందు లయోలా మేరీమౌంట్ అనే కాలేజీ జట్టుకు శిక్షణనిచ్చాడు. బంతి చేతికి రాగానే పరుగెత్తాలి, ఏడు సెకన్లు తిరగకుండా షాట్ వేయాలి, అవతలివాళ్లకు ఊపిరి తీసుకునే సందివ్వకూడదు. ఇదీ అతని పద్ధతి. 1989-90 సీజన్లో ఆ కాలేజీ జట్టు ఆటకు సగటున 122 పాయింట్లు చేసింది, అదీ 40 నిమిషాల ఆటలో. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న ఊరు. పల్చటి గాలిలో ఈ పరుగుకు వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆయాసపడి చతికిలబడతారని లెక్క వేసుకున్నారు. ఆ సీజన్ ముగిసేసరికి డెన్వర్ గెలిచినవి 20, ఓడినవి 62.

గెలుపోటముల సంగతి అలా ఉంచితే, ఆ ఏడాది డెన్వర్ ఆటగాళ్ల పేర్ల పక్కన చేరిన అంకెలు మాత్రం కళ్లు చెదిరేలా ఉన్నాయి. అయిదడుగుల పది అంగుళాల గార్డు మైకేల్ ఆడమ్స్ ఆటకు 26.5 పాయింట్లు, 10.5 అసిస్టులు సాధించాడు. పాయింట్ల జాబితాలో మైకేల్ జోర్డన్, కార్ల్ మలోన్, బెర్నార్డ్ కింగ్, చార్ల్స్ బార్క్‌లీ, పాట్రిక్ ఇవింగ్ తర్వాత ఆరో పేరు అతనిదే. ఇవింగ్‌తో తేడా పాయింటులో పదోవంతు.

మరి ఆడమ్స్ నిజంగా ఆ వరుసలోవాడేనా? తేల్చాలంటే పత్రికలో అచ్చయ్యే సగటును పక్కన పెట్టి, ఆ సగటు ఎన్ని అవకాశాల్లోంచి పుట్టిందో చూడాలి. క్రికెట్ తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఒకడు 60 పరుగులు చేశాడంటే వెంటనే ‘ఎన్ని బంతుల్లో?’ అని అడుగుతాం. బాస్కెట్‌బాల్‌లో ఆ ‘బంతుల’ లెక్క స్కోరుబోర్డు మీద కనిపించదు. అందుకే చాలామంది అడగరు.

బాస్కెట్‌బాల్‌లో అవకాశానికి కొలమానం పొజెషన్. ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి అవతలి జట్టు చేతికి పోయేదాకా ఒక పొజెషన్. షాట్ పడితే అది ముగుస్తుంది. షాట్ తప్పి అవతలివాళ్లు రీబౌండ్ పట్టినా, పాస్ చేజారి బంతి పోగొట్టుకున్నా ముగుస్తుంది. సొంత జట్టే రీబౌండ్ పట్టి మళ్లీ షాట్ వేస్తే మాత్రం అదే పొజెషన్ కొనసాగుతున్నట్టు. ఒక జట్టు 48 నిమిషాల్లో ఎన్ని పొజెషన్లు ఆడుతుందో దాన్ని ఆ జట్టు పేస్ అంటారు.

ఆట పక్కన కూర్చుని వీటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టనక్కర్లేదు. ఆట ముగిశాక ఇచ్చే బాక్స్ స్కోరు చాలు. జట్టు వేసిన షాట్లలోంచి ఆ జట్టే తిరిగి పట్టుకున్న రీబౌండ్లు తీసేయాలి. దానికి టర్నోవర్లు కలపాలి. ఆపైన ఫ్రీ త్రోలను 0.44తో గుణించి వచ్చినదీ కలపాలి. మాటవరసకు ఒక జట్టు 88 షాట్లు వేసి, 10 సొంత రీబౌండ్లు పట్టి, 14 సార్లు బంతి పోగొట్టుకుని, 22 ఫ్రీ త్రోలు వేసిందనుకుందాం. 88లోంచి 10 పోతే 78, దానికి 14 కలిపితే 92, ఫ్రీ త్రోల వాటా 9.7 కలిపితే 101.7. అంటే సుమారు 102 పొజెషన్లు.

ఆ 0.44 ఎక్కడిదని ఎవరికైనా సందేహం వస్తుంది. మామూలుగా ఫౌల్‌కు రెండు ఫ్రీ త్రోలు కాబట్టి 0.5 ఉండాలి కదా! కానీ షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఒంటి ఫ్రీ త్రో కొత్త పొజెషన్ కాదు, ఆ షాట్‌ను ముందే లెక్కించేశాం. టెక్నికల్ ఫౌల్‌కు ఇచ్చేది కూడా పొజెషన్‌ను మింగదు. మూడు పాయింట్ల షాట్ మీద ఫౌల్ చేస్తే మూడు ఫ్రీ త్రోలు కలిసి ఒకే పొజెషన్. ఇవన్నీ సర్దగా ఎన్‌బీఏ ఆటలకు సరిపడిన సగటు అది. కాలేజీ ఆటలకూ వేరే లీగులకూ ఈ అంకె కొద్దిగా మారుతుంది.

లెక్క సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. బంతి ఇటూ అటూ వంతులవారీగా మారుతుంది కాబట్టి ఒకే ఆటలో రెండు జట్ల పొజెషన్లు దాదాపు సమానంగా ఉండితీరాలి. రెండు మూడు తేడా వస్తే అంచనా వల్ల వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. ఎనిమిదో పదో తేడా వస్తే ఎక్కడో అంకె తప్పు ఎక్కించినట్టే. చాలాసార్లు ఆ తప్పు రీబౌండ్ల దగ్గర దొరుకుతుంది. సొంత బుట్ట కింద పట్టినవీ అవతలి బుట్ట కింద పట్టినవీ కలిపేసి మొత్తం రీబౌండ్లను తీసేసి ఉంటారు.

ఈ ఆలోచన కంప్యూటర్ల కాలంలో పుట్టిందేమీ కాదు. నార్త్ కరోలైనా కోచ్ డీన్ స్మిత్ తన తొలి రోజుల్లోనే జట్టును ఆటకెన్ని పాయింట్లని కాక, పొజెషన్‌కెన్ని పాయింట్లని కొలిచేవాడు. 2004లో డీన్ ఆలివర్ రాసిన ‘బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్’ దీన్ని ఒక పద్ధతిగా కూర్చి అందరి ముందూ పెట్టింది.

ఇప్పుడు డెన్వర్‌కు తిరిగి వెళ్దాం. 1990-91లో ఒక సగటు ఎన్‌బీఏ జట్టు 48 నిమిషాల్లో సుమారు 98 పొజెషన్లు ఆడింది. డెన్వర్ ఆడినవి దాదాపు 114. అంటే ప్రతి రాత్రీ ఆ జట్టుకు మిగతావాళ్లకంటే పదహారు అవకాశాలు ఎక్కువ. అవతలి జట్టుకూ అంతే. ఆటకు 119.9 పాయింట్లతో డెన్వర్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడాది చాంపియన్ షికాగో బుల్స్ చేసింది 110. అంకెలు ఇంతవరకే చూస్తే డెన్వర్ దాడి ముందు షికాగో వెలవెలబోతుంది. వంద పొజెషన్ల చొప్పున కొలిస్తే వరుస తలకిందులైంది. షికాగోకు సుమారు 115, లీగ్ సగటు 108, డెన్వర్‌కు 105. అత్యధిక పాయింట్లు చేసిన జట్టు దాడి, నిజానికి సగటుకన్నా తక్కువ!

ఈ సవరణ ఎప్పుడూ బలహీన జట్టు పరువు తీయడానికే అని కాదు, నిలబెట్టడానికే అనీ కాదు. డెన్వర్ ఆ ఏడు ఆటకు 130.8 పాయింట్లు సమర్పించుకుంది. అంత ఘోరం ఎన్‌బీఏ చరిత్రలో లేదు. పరుగు వల్లే అలా కనిపిస్తోంది, డిఫెన్స్ మరీ అంత చెడ్డది కాదేమో అనిపించవచ్చు. పేస్‌ను లెక్కలోంచి తీసేశాక కూడా వంద పొజెషన్లకు సుమారు 115 ఇచ్చుకుని డెన్వర్ అట్టడుగునే ఉంది. దాడి గొప్పదన్నది భ్రమ అని తేలింది. డిఫెన్స్ చెడ్డదన్నది మాత్రం నిజమే అని తేలింది.

జట్టు సంగతి తేలింది కాబట్టి ఆటగాళ్ల దగ్గరకు వద్దాం. ఆడమ్స్‌ను జోర్డన్ పక్కన నిలబెడదాం. జోర్డన్ సగటు 31.5, ఆడమ్స్‌ది 26.5. తేడా అయిదు పాయింట్లు.

మొదట నిమిషాలు సర్దాలి. జోర్డన్ ఆటకు 37 నిమిషాలు కోర్టులో ఉన్నాడు, ఆడమ్స్ 35.5. ఇద్దరికీ 36 నిమిషాలే ఇచ్చామనుకుంటే జోర్డన్ 30.6, ఆడమ్స్ 26.9. తేడా నాలుగు పాయింట్లలోపుకు తగ్గింది! చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘పర్ 36’ అంకె చూసి న్యాయం జరిగిపోయిందనుకుంటారు. కానీ ఆడమ్స్ గడిపిన నిమిషమూ జోర్డన్ గడిపిన నిమిషమూ ఒకటి కావు. డెన్వర్ నిమిషంలో ఎక్కువ ఆట పట్టింది. నిమిషాలు మాత్రమే సర్ది పేస్‌ను వదిలేస్తే, ఈ జోడీ విషయంలో నిజానికి మరింత దూరం జరిగినట్టే.

రెండో మెట్టు పేస్. కోర్టులో ఉన్న నిమిషాలను 48తో భాగించి జట్టు పేస్‌తో గుణిస్తే, ఆ ఆటగాడు కోర్టులో ఉండగా జట్టుకు దక్కిన పొజెషన్లు వస్తాయి. ఆడమ్స్‌కు అవి ఆటకు 84. షికాగో పేస్ 96కు ఓ పిసరు తక్కువ కాబట్టి జోర్డన్‌కు వచ్చినవి 74లోపే. పది పొజెషన్లు తక్కువ ఆడి అయిదు పాయింట్లు ఎక్కువ చేశాడన్నమాట. వంద పొజెషన్లకు జోర్డన్ 42.7, ఆడమ్స్ 31.5. ఏ ఆటగాడూ ఒక రాత్రి వంద పొజెషన్లు కోర్టులో ఉండడు కాబట్టి ఈ అంకెలు ఉబ్బినట్టుంటాయి, తేడా కూడా ఉబ్బుతుంది. మనకు అలవాటైన కొలతలోకి తేవాలంటే ఇద్దరికీ 75 పొజెషన్లు ఇచ్చి చూడాలి. జోర్డన్ 32, ఆడమ్స్ 23.6. అయిదు పాయింట్లనుకున్న తేడా ఎనిమిది దాటింది.

ఆ సవరణ కరెక్టో కాదో తర్వాతి సీజనే పరీక్ష పెట్టింది. 1991 వేసవిలో డెన్వర్ ఆడమ్స్‌ను వాషింగ్టన్ బుల్లెట్స్‌కు పంపేసింది. బదులుగా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఎంపిక హక్కు తీసుకుంది. వాషింగ్టన్‌లో ఆడమ్స్ ఆడిన నిమిషాలు తగ్గలేదు, 36కు దగ్గర్లోనే ఉన్నాయి. పాయింట్లు మాత్రం 26.5 నుంచి 18.1కి, అసిస్టులు 10.5 నుంచి 7.6కి జారాయి. ఒక్క ఏడాదిలో ఎనిమిది పాయింట్లు పోతే ఎవరైనా ఇతని పని అయిపోయిందనే అనుకుంటారు. తమాషా ఏమిటంటే, అదే సీజన్లో అతను ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యాడు.

ఎంత భాగం పేస్ వల్ల పోయిందో చూద్దాం. 1991-92లో లీగ్ సగటు పేస్ దాదాపు 97. వాషింగ్టన్ కూడా అంతే వేగంతో ఆడిందనుకుంటే, డెన్వర్‌లోని 26.5 ఇక్కడ 22.6 కావాలి. అంటే పోయిన 8.4 పాయింట్లలో దాదాపు నాలుగు కేవలం ఆట నెమ్మదించడం వల్ల పోయినవే, ఆటగాడికి వాటితో సంబంధం లేదు. మిగిలిన నాలుగున్నర సంగతేమిటి? షాట్లు పడే శాతం రెండు చోట్లా 39 దగ్గరే ఉంది, కాబట్టి గురి చెడలేదు. డెన్వర్‌లో ప్రతి పరుగూ అతని చేతుల మీదుగా పోయేది, షాట్ అతనే వేసేవాడు. వాషింగ్టన్‌లో కోర్టు మీద ఉన్నప్పుడు కూడా తన వంతుగా వేసే షాట్లు తగ్గాయి. కోర్టులో ఉండగా జట్టు పొజెషన్లలో ఒక ఆటగాడు స్వయంగా ముగించే వాటాను యూసేజ్ అంటారు. నిమిషాలూ పేసూ సర్దాక కూడా ఆ వాటా సవరించకుండా అలాగే ఉండిపోతుంది. ఈ రెండు సవరణలకు అందని ముఖ్యమైన విషయం అదే.

షాట్ల శాతం లాంటివి ఒక భాగాన్ని మరో భాగంతో పోల్చేవి. వాటికి ఈ సవరణ అవసరమే లేదు. ఆడమ్స్ గురి 39 శాతమని, జోర్డన్‌ది దాదాపు 54 శాతమని ఆ ఏడాదే ఎవరైనా చూసుంటే ఈ గుణకారాలు లేకుండానే సగం కథ అర్థమయ్యేది. రీబౌండ్లది మరో తీరు. అవి పొజెషన్ల మీదకంటే తప్పిన షాట్ల మీద ఆధారపడతాయి. డెన్వర్ లాగా గురి లేని జట్టులో ఎగిరే బంతులు ఎక్కువ. అందుకే రీబౌండ్లకు, ఆటగాడు కోర్టులో ఉండగా దొరకడానికి వీలున్న వాటిలో ఎన్ని పట్టాడన్న శాతమే వాడతారు.

డెన్వర్ వేగం అవతలి జట్ల పద్దులోకీ పోయింది. 1990 డిసెంబరు 30న ఒర్లాండో మ్యాజిక్ గార్డు స్కాట్ స్కైల్స్ ఒకే ఆటలో 30 అసిస్టులు ఇచ్చాడు. ఎన్‌బీఏ రికార్డు. ఎదుటి జట్టు పేరు చెప్పక్కర్లేదు. స్కోరు 155-116. స్కైల్స్ ఆ సీజన్ సగటు 8.4 అసిస్టులే. సీజన్ మొత్తం తీసుకుంటే ఇలాంటి ఒకటి రెండు ఆటలు మిగతావాటిలో కలిసిపోతాయి. ఒక్క ఆట రికార్డు అలా కలిసిపోదు, దాని పక్కన ప్రత్యర్థి పేరు రాసి చదువుకోవాలి.

నిమిషాల సవరణ అసలు సత్తా చూపేది లీగులు మారినప్పుడు. మన కాలేజీ కోర్టుల్లో, జాతీయ పోటీల్లో, ఒలింపిక్స్‌లో, యూరప్‌లో ఆట 40 నిమిషాలు. ఎన్‌బీఏలో 48. లూకా డాన్చిచ్ 2017-18లో రియల్ మాడ్రిడ్‌కు ఆడుతూ యూరోలీగ్‌లో ఆటకు 16 పాయింట్లు చేశాడు, 19 ఏళ్లకే అక్కడ ఎంవీపీ అయ్యాడు. 16 అనే అంకె అమెరికా కళ్లకు ఏమంత ఆనలేదు. కానీ అతను ఆడింది ఆటకు 26 నిమిషాలే. 36 నిమిషాలకు లెక్కేస్తే 22కు పైనే. మరుసటి ఏడు డాలస్ మావెరిక్స్‌కు 32 నిమిషాల చొప్పున ఆడి 21.2 పాయింట్లు చేశాడు. 36 నిమిషాలకు ఇది 23.7. కొత్త దేశం, కొత్త లీగ్, అయినా రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎన్‌బీఏలో ఆట మరింత వేగం కాబట్టి కొంత సహాయం అక్కడి నుంచీ వచ్చింది. ప్రత్యర్థులు బలవంతులు కాబట్టి కొంత కోతా పడి ఉంటుంది. ఆ రెండోదాన్ని ఏ గుణకారమూ చెప్పదు.

ఇదే గుణకారం బెంచీ చివర కూర్చునేవాళ్ల విషయంలో నవ్వులపాలవుతుంది. ఫలితం తేలిపోయిన ఆటలో చివరి నాలుగు నిమిషాలకు దిగి, అలసిన ప్రత్యర్థుల మీద రెండు మూడు పాయింట్ల షాట్లు వేసినవాడికి 36 నిమిషాల లెక్కన 54 పాయింట్లు వస్తాయి. విల్ట్ చాంబర్లేన్‌ను మించిపోయినట్టు! నాలుగు నిమిషాల్లో జరిగినదాన్ని తొమ్మిదితో గుణిస్తే అందులోని అదృష్టం కూడా తొమ్మిదింతలవుతుంది. అందుకే జాగ్రత్తగా ఉండేవాళ్లు సీజన్ మొత్తం మీద కొన్ని వందల నిమిషాలైనా ఆడనివాళ్లను ఇలాంటి జాబితాల్లోకి రానివ్వరు. మరొకటి కూడా చూస్తారు: ఆ నిమిషాలు ఎప్పటివి, ఎదురుగా నిలిచినవాళ్లు మొదటి అయిదుగురా, వాళ్ల బదులు దిగినవాళ్లా అని.

చాంబర్లేన్ పేరు వచ్చింది కాబట్టి అతని సంగతీ చూడాల్సిందే. 1961-62లో ఫిలడెల్ఫియా వారియర్స్‌కు ఆటకు 50.4 పాయింట్లు. దాని దరిదాపులకు ఇంతవరకు ఎవరూ రాలేదు. ఆ కాలంలో జట్లు దడదడా పరుగెత్తేవి, ఆటకు 126 పొజెషన్లు ఉండేవని అంచనా. అప్పట్లో టర్నోవర్లూ, సొంత బుట్ట రీబౌండ్లు విడిగానూ రాసేవాళ్లు కాదు కాబట్టి ఇంతకన్నా కచ్చితంగా చెప్పే వీలు లేదు. ఆ లెక్కన చాంబర్లేన్ వంద పొజెషన్లకు 40 పాయింట్ల దగ్గర ఉన్నాడు. 2018-19లో హ్యూస్టన్ రాకెట్స్ ఆటగాడు జేమ్స్ హార్డెన్ ఆటకు 36.1 పాయింట్లే చేశాడు, కానీ 37 నిమిషాల లోపే ఆడి, 98 పొజెషన్ల ఆటలో. వంద పొజెషన్లకు 48. మూడు పాయింట్ల గీత చాంబర్లేన్ కాలంలో లేదన్నదీ గుర్తుంచుకోవాలి.

హార్డెన్‌ది పైచేయి అనేద్దామా? ఇక్కడ నిమిషాల సవరణ ఒక గొప్ప విషయాన్ని చెరిపేస్తుంది. చాంబర్లేన్ ఆ సీజన్లో సగటున ఆటకు 48.5 నిమిషాలు ఆడాడు. ఆట ఉండేదే 48 నిమిషాలు, ఆపైన అర నిమిషం ఓవర్‌టైముల్లోంచి వచ్చింది. 80 ఆటల్లో అతను బయట కూర్చున్నది పది నిమిషాలు కూడా కాదు. హార్డెన్ పదకొండు నిమిషాలు కూర్చుని, చెమట తుడుచుకుని, మళ్లీ దిగి చేసిన పనిని, విరామమే లేకుండా చేసినవాడి పక్కన పెట్టి ‘పొజెషన్‌కు ఇంత’ అంటే, అలసట అనేదే లేనట్టు మాట్లాడినట్టవుతుంది. హార్డెన్‌ను 48 నిమిషాలు నిలబెడితే 48 పాయింట్ల రేటు నిలిచేది కాదు. కోర్టులో ఉండగలగడమే ఒక సామర్థ్యం, నిమిషాలతో భాగించగానే అది లెక్కలోంచి జారిపోతుంది. అందుకే వివరం తెలిసినవాళ్లు వంద పొజెషన్ల అంకె పక్కనే ఆటకు ఆడిన నిమిషాలను కూడా ఉంచి చదువుతారు.

మరో చిక్కు కూడా ఉంది. పైన ఆడమ్స్‌కు 84 పొజెషన్లని చెప్పుకున్నది డెన్వర్ జట్టు సగటు వేగాన్ని బట్టి. అతను కోర్టులో ఉన్నప్పుడు ఆట మరింత వేగంగా సాగి, అతను కూర్చున్నప్పుడు నెమ్మదించి ఉంటే అసలు అంకె 86 కావచ్చు, 88 కావచ్చు. అప్పుడు అతని రేటు ఇంకాస్త తగ్గుతుంది. 1996-97 నుంచి ఎన్‌బీఏ ఆటలకు ప్రతి బంతి కదలికా వరుసగా నమోదై దొరుకుతోంది. ఇప్పటి ఆటగాళ్లకు అంచనా అక్కర్లేదు, వాళ్లు కోర్టులో ఉన్న పొజెషన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఆడమ్స్ కాలానికి మాత్రం బాక్స్ స్కోరే దిక్కు.

వెస్ట్‌హెడ్ మరుసటి ఏడు తన పరుగును చాలావరకు మానుకున్నాడు. డెన్వర్ స్కోరు ఆటకు 119.9 నుంచి 99.7కు పడిపోయింది. ఇరవై పాయింట్లు పోయిన ఆ జట్టు ముందటి ఏడుకన్నా నాలుగు ఆటలు ఎక్కువే గెలిచింది.